అక్కడక్కడ వాన అంటే మన చేనులో వానేనా?

శ్రోతలకు నమస్కారం. వానాకాలం మొదలైతే రేడియోలో వార్తల తర్వాత వాతావరణ సూచన కోసం ఎదురుచూడని రైతు ఉండడు. ఆ సూచన ఎక్కువగా ఒకే వాక్యంలో ముగుస్తుంది. “రాగల 24 గంటల్లో నల్గొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు చాలా చోట్ల, భారీ వర్షాలు అక్కడక్కడ కురిసే అవకాశం ఉంది.” విన్నవారిలో ఒకరు విత్తనాల సంచి బయటికి తీస్తారు, ఇంకొకరు మోటారు ఆపుతారు, మరొకరు “వీళ్లు చెప్పింది ఎప్పుడు జరిగింది గనుక” అని రేడియో కట్టేస్తారు. మర్నాడు ఒక ఊళ్లో చెరువుకు నీళ్లు వస్తాయి, మూడు కిలోమీటర్ల అవతల దుమ్ము కూడా అణగదు. సూచన తప్పిందని రెండో ఊరివారు అంటారు. అయితే ఆ వాక్యాన్ని లెక్క ప్రకారం చదివితే అది తప్పలేదు. అందులోని ఒక్కో మాటకు వాతావరణ శాఖ ఒక్కో అంకె కట్టిపెట్టింది. ఆ అంకెలు వినేవారికి ఎవరూ చెప్పరు. ఈరోజు వాటి సంగతి మాట్లాడుకుందాం.

ఆ వాక్యంలో రెండు వేర్వేరు లెక్కలు కలిసి ఉన్నాయి. వాన ఎన్ని చోట్ల పడుతుంది అన్నది ఒకటి, పడిన చోట ఎంత పడుతుంది అన్నది రెండోది. బంతి భోజనంలో ఎంతమంది తిన్నారన్నది ఒక లెక్క, ఒక్కొక్కరు ఎంత తిన్నారన్నది మరో లెక్క కదా, ఇదీ అంతే. “అక్కడక్కడ”, “కొన్ని చోట్ల”, “చాలా చోట్ల”, “దాదాపు అన్ని చోట్ల” అనేవి మొదటి లెక్కకు చెందిన మాటలు. “తేలికపాటి”, “మోస్తరు”, “భారీ”, “అతి భారీ” అనేవి రెండో లెక్కవి. చాలా చోట్ల వాన అంటే చాలా వాన అనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది.

ముందు ఎన్ని చోట్ల అన్న లెక్క చూద్దాం. ఇక్కడ “చోటు” అంటే ఊరూ కాదు, చేనూ కాదు. వర్షమాపకం ఉన్న స్థలం. మండల కేంద్రంలోనో, పరిశోధనా కేంద్రంలోనో ఒక గరాటు, దాని కింద నీళ్లు చేరే పాత్ర ఉంటాయి. ఇప్పుడు చాలా చోట్ల దానంతట అదే కొలిచి కబురు పంపే యంత్రం కూడా ఉంటుంది. దాని మూతి వెడల్పు జానెడు కూడా ఉండదు. సూచన ఇచ్చిన ప్రాంతంలోని వర్షమాపకాల్లో నూటికి ఎన్నింటిలో కనీసం రెండున్నర మిల్లీమీటర్ల వాన నమోదవుతుందన్నదే ఈ మాటల అర్థం. నూటికి 25 వరకు అయితే “అక్కడక్కడ”. కొందరు దీన్నే “ఒకటి రెండు చోట్ల” అని చదువుతారు. 26 నుంచి 50 వరకు “కొన్ని చోట్ల”. 51 నుంచి 75 వరకు “చాలా చోట్ల”, లేదా “అనేక చోట్ల”. 76 దాటితే “దాదాపు అన్ని చోట్ల”. పత్రికల్లో కనిపించే “విస్తారంగా” అన్న మాట ఈ చివరి రెండింటిలో దేనికి వాడారో ఒక్కోసారి తెలియదు. అలాంటప్పుడు తక్కువదే అనుకోవడం రైతుకు క్షేమం.

లెక్క సులువు కావడానికి ఒక జిల్లాలో 30 వర్షమాపకాలు ఉన్నాయనుకుందాం. అక్కడక్కడ అంటే వాటిలో ఒకటి మొదలు ఏడింటి దాకా తడుస్తాయి. కొన్ని చోట్ల అంటే ఎనిమిది నుంచి పదిహేను. చాలా చోట్ల అంటే పదహారు నుంచి ఇరవై రెండు. దాదాపు అన్ని చోట్ల అంటే ఇరవై మూడు, ఆపైన. దీన్ని తిప్పి చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. “చాలా చోట్ల” అని చెప్పిన రోజున కూడా ఎనిమిది మండలాలు పొడిగా మిగిలిపోవచ్చు, అప్పటికీ సూచన నిజమైనట్టే లెక్క. “అక్కడక్కడ” అన్న రోజున ఇరవై మూడు మండలాలు పొడిగా ఉండటమే ఆ సూచన నెరవేరడం. మన ఊళ్లో వాన పడలేదని దాన్ని తప్పుపట్టడానికి లేదు. మన ఊళ్లో పడుతుందని అది అసలు చెప్పనేలేదు.

మరి ఏ ఊళ్లో పడుతుందో ముందే ఎందుకు చెప్పరు? మే నెలాఖరులోనో, జూన్‌లో తొలకరికి ముందో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, నాలుగు గంటలకు నల్లటి మేఘం లేచే రోజులు గుర్తు తెచ్చుకోండి. వేడెక్కిన నేల మీది గాలి తేమను మోసుకుని నిలువుగా పైకి లేస్తుంది. అలా కట్టిన ఒక్కో ఉరుము మేఘం అడుగున ఐదు నుంచి పది కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అరగంట, మహా అయితే గంట బతుకుతుంది. గాలి ఈడ్చినంత దూరం కురుస్తూ పోయి కరిగిపోతుంది. జిల్లా మొత్తం మీద ఆ సాయంత్రం అలాంటివి కొన్ని లేస్తాయని ఒకరోజు ముందే చెప్పవచ్చు, ఎందుకంటే గాలిలో ఎంత తేమ ఉంది, పైన ఎంత చల్లగా ఉంది అన్నది కొలతకు అందుతుంది. మర్రిగూడ మీద లేస్తుందా, చింతపల్లి మీద లేస్తుందా అన్నది మాత్రం మేఘం కట్టడం మొదలైతే తప్ప తెలియదు. కాబట్టి అలాంటి రోజులకు “అక్కడక్కడ” తప్ప వేరే మాట వాడటం కుదరదు.

జూలై, ఆగస్టులలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడు పరిస్థితి వేరు. అప్పుడు మేఘం ఒక్కొక్కటిగా లేవదు, వందల కిలోమీటర్ల మేర పరుచుకుని వస్తుంది. “చాలా చోట్ల”, “దాదాపు అన్ని చోట్ల” అన్న మాటలు ఎక్కువగా అప్పుడే వినిపిస్తాయి. అయితే దక్షిణ తెలంగాణ రైతులు ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. వాతావరణ శాఖ దేశాన్ని 36 ఉపవిభాగాలుగా చూస్తుంది, అందులో తెలంగాణ మొత్తం ఒకే ఉపవిభాగం. “తెలంగాణలో చాలా చోట్ల వర్షాలు” అన్నప్పుడు ఆదిలాబాద్ నుంచి గద్వాల దాకా ఉన్న వర్షమాపకాలన్నీ ఒకే కుప్పలో లెక్కకు వస్తాయి. అల్పపీడనం ఒడిశా తీరం దాటి ఛత్తీస్‌గఢ్ మీదుగా పోతే వానంతా ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు కురుస్తుంది. నారాయణపేట, గద్వాల, వనపర్తి, దేవరకొండ వైపు మబ్బు, ఈదురుగాలి తప్ప చుక్క ఉండకపోవచ్చు. రాష్ట్రం లెక్కలో అది “చాలా చోట్ల” కురిసిన రోజే. అల్పపీడనం కిందికి దిగి ఆంధ్ర తీరానికి దగ్గరగా ఉన్నప్పుడు మన వైపు వంతు ఎక్కువగా వస్తుంది. అందువల్ల రాష్ట్రం పేరుతో వచ్చే వాక్యాన్ని వినండి గానీ దాన్ని బట్టి నాగలి కట్టకండి. జిల్లాల పేర్లు చదివే భాగం దాకా ఆగండి. హైదరాబాద్‌లోని వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా రాగల కొన్ని రోజుల సూచన ఇస్తుంది. అక్కడ ఇవే మాటలు జిల్లా పరిధికి వర్తిస్తాయి.

ఇక ఎంత పడుతుంది అన్న లెక్క. 24 గంటల్లో రెండున్నర మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా పడితే తేలికపాటి వాన. 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు. 64.5 దాటితే భారీ. 115.6 నుంచి అతి భారీ. 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ. ఈ అంకెలన్నీ గుర్తు పెట్టుకోవలసిన పని లేదు. రైతుకు కావలసింది ఒక్కటే. “తేలికపాటి నుంచి మోస్తరు” అన్న జంట మాట మనం అనుకున్నంత ఇరుకైనది కాదు. అది రెండున్నర దగ్గర మొదలై 64 దాకా పోతుంది, అంటే ఆ కొసకూ ఈ కొసకూ పాతిక రెట్ల తేడా. కింది కొసలో పడితే చెల్క నేల పైపొర మాత్రమే తడిసి మధ్యాహ్నానికి ఆరిపోతుంది. పై కొసలో పడితే వాగు పారుతుంది. రెండూ ఒకే పేరుతో రేడియోలో వస్తాయి.

మిల్లీమీటరు అంటే ఎంత నీరో కూడా ఒకసారి చూద్దాం. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. పాతిక మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు. వినడానికి ఘనంగా ఉన్నా, ఎండిన ఎర్ర చెల్కలో ఆ లక్ష లీటర్లు ఇంకేది జానెడు లోతు దాకానే. రెండున్నర మిల్లీమీటర్లు అయితే గింజ వేసే లోతుకు కూడా సరిగ్గా అందవు. వాతావరణ శాఖ లెక్కలో వాన పడిన రోజుకూ, రైతు లెక్కలో పదును వచ్చిన రోజుకూ ఉన్న దూరం ఇదే.

ఇప్పుడు ఒక ఉదాహరణను చివరిదాకా చేసి చూద్దాం. జూన్ మూడో వారం. నల్గొండ జిల్లాలో ఒక రైతుకు నాలుగు ఎకరాల చెల్క ఉంది. దుక్కి అయిపోయింది, పత్తి విత్తనాలు ఇంట్లో ఉన్నాయి. ఇప్పటిదాకా రెండు విడతలుగా 40 మిల్లీమీటర్ల దాకా పడింది. మొత్తం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిన తర్వాతే పత్తి వేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూ ఉంటారు. అంటే ఇంకో మంచి వాన కావాలి. సాయంత్రం రేడియోలో “రేపు జిల్లాలో కొన్ని చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు” అని వచ్చింది. రేపు వాన ఉంది గదా, ఈ పూటే గింజ పెట్టేస్తే సరి అని పక్క చేను రైతు తొందరపెడుతున్నాడు.

మర్నాడు జిల్లాలోని 30 వర్షమాపకాలు ఇలా చూపాయనుకుందాం. పదిహేడింటిలో ఏమీ లేదు, లేదా రెండున్నర లోపే. తొమ్మిదింటిలో మూడు నుంచి పదిహేను మిల్లీమీటర్లు. నాలుగింటిలో ఇరవై దాటింది. తడిసినవి పదమూడు, అంటే నూటికి 43. “కొన్ని చోట్ల” అన్న మాట అక్షరాలా నిజమైంది. తేలికపాటి కూడా పడింది, మోస్తరు కూడా పడింది. సూచన ఇచ్చినవారికి నూటికి నూరు మార్కులు. మన రైతుకు మాత్రం లెక్క వేరు. అతనికి కావలసింది ఇరవై, ముప్పై మిల్లీమీటర్లు. అది వచ్చింది ముప్పైలో నాలుగు చోట్ల. అంటే ఏడెనిమిది మందిలో ఒక్కరికి. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే, ఆ తొమ్మిది చోట్ల ఐదారు మిల్లీమీటర్లు పడినవారి పరిస్థితి అసలు పడనివారి కంటే అధ్వానం. పొడి నేలలో పెట్టిన గింజ చెక్కుచెదరకుండా కొన్నాళ్లు ఉంటుంది. కొద్దిపాటి తడి తగిలిన గింజ ఉబ్బి, పగిలి, మొలక తీసి, కింద తేమ లేక మాడిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి.

ఈ లెక్క తెలిసినవాడు “కొన్ని చోట్ల” అన్న కబురుకు గింజ పెట్టడు. అచ్చు తోలుకుని, కూలీలకు చెప్పుకుని, తయారుగా ఉంటాడు. వాన పడిన మర్నాడు చేనులో పారతో తవ్వి తడి జానెడు దాకా దిగిందో లేదో చూసి, అప్పుడు గింజ వేస్తాడు. “చాలా చోట్ల” అని వరుసగా రెండు మూడు రోజులు చెబుతూ, దానికి తోడు “అక్కడక్కడ భారీ” అని కలిపితే అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు. ఆ చివరి ముక్కను చాలామంది సరిగ్గా వినరు గనుక కొంచెం విడదీసి చెబుతాను. “తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు చాలా చోట్ల, భారీ వర్షాలు అక్కడక్కడ” అన్నప్పుడు రెండు సూచనలు పక్కపక్కన ఉన్నాయి. 30 వర్షమాపకాల జిల్లాలో పదహారు మొదలు ఇరవై రెండింటిలో ఏదో ఒక మేర వాన ఉంటుంది. వాటిలో ఎక్కడో ఒకటి మొదలు ఏడింటి దాకా 64.5 మిల్లీమీటర్లు దాటవచ్చు. “భారీ వర్షాలు” అన్న మాట ఒక్కటే చెవిన పడి జిల్లా అంతా మునుగుతుందని కంగారు పడనక్కర లేదు. అలాగని వాగు ఒడ్డున మోటారు ఉన్నవారు, పల్లపు మడి ఉన్నవారు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ఏడింటిలో ఒకటి మనదే కావచ్చు.

ఇంతదాకా విన్నవారికి “అక్కడక్కడ” అన్న మాటను పట్టించుకోనక్కర లేదని అనిపించవచ్చు. విత్తనం విషయంలో అది నిజమే. యాసంగి వడ్ల విషయంలో అది పూర్తిగా తప్పు. ఈ తేడాను కొంచెం నిదానంగా చూడాలి.

ఏప్రిల్ నెల. మిర్యాలగూడ వైపు ఒక రైతు కొనుగోలు కేంద్రంలో 60 క్వింటాళ్ల వడ్లు ఆరబోశాడు. తేమ శాతం దిగితే తూకం వేస్తామన్నారు. సాయంత్రం సూచన ఇలా వచ్చింది. “జిల్లాలో అక్కడక్కడ ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో కూడిన వర్షాలు.” నాలుగింట మూడు పాళ్లు అతని కుప్ప మీద చుక్క పడదు. పడితే తడిసిన వడ్లు రంగు మారి, మొలకెత్తి, మళ్లీ ఆరబోసే ఖర్చుతో కలిపి క్వింటాలుకు 200 రూపాయల నష్టం అనుకుందాం. మొత్తం 12,000. ఆ రాత్రికి టార్పాలిన్ కిరాయి, కప్పే కూలీ కలిపి 800 అవుతుందనుకుందాం. 12,000ను 800తో భాగిస్తే పదిహేను. అంటే వాన పడే అవకాశం పదిహేనింట ఒకటి కంటే ఎక్కువగా ఉన్న ప్రతి రాత్రీ కప్పుకోవడమే లాభం. “అక్కడక్కడ” అన్న మాట నాలుగింట ఒకటి దాకా పోతుంది. కిరాయి రెట్టింపైనా ఆ లెక్క మారదు. నాలుగు రాత్రులు కప్పి మూడు రాత్రులు వృథా అయిందని బాధపడేవారు ఈ భాగహారాన్ని ఒకసారి చేసి చూసుకోవాలి.

చూశారా, ఒకే మాటకు పత్తి రైతు ఆగాలి, వడ్ల రైతు కదలాలి. పత్తి రైతు వాన వస్తుందని నమ్మి నష్టపోతాడు, వడ్ల రైతు వాన రాదని నమ్మి నష్టపోతాడు. సూచన విన్న ప్రతిసారీ వేసుకోవలసిన ప్రశ్న “వస్తుందా, రాదా” అన్నది కాదు. “వస్తే నాకు పోయేదెంత, రాకపోతే పోయేదెంత” అన్నది. మందు కొట్టడం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఒకరోజు ఆగితే పురుగు పెద్దగా పెరగదు అనుకున్నప్పుడు “కొన్ని చోట్ల” అన్న మాటకే ఆగవచ్చు. పురుగు ఉధృతంగా ఉంటే “అక్కడక్కడ” అన్నా పొద్దున్నే కొట్టేసి, మందు ఆకుకు పట్టే కొన్ని గంటలు దొరికేలా చూసుకోవడం మేలు. ఉరుముల వానలు మన వైపు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి.

ఇక “అవకాశం ఉంది” అన్న మాట. వాతావరణ శాఖ దగ్గర దీనికి కూడా మెట్లు ఉన్నాయి. నూటికి 25 నుంచి 50 పాళ్లు ఒక మెట్టు, 50 నుంచి 75 ఇంకొకటి, 75 దాటితే మరొకటి. తెలుగులో చదివేసరికి ఆ మెట్లన్నీ కలిసిపోయి ఒక్క “అవకాశం ఉంది” మిగులుతుంది. ఇది నాకు నచ్చని విషయం. ఎప్పటికైనా బాగుపడాలి. అప్పటిదాకా రంగులు కొంత సాయం చేస్తాయి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. ఇవి వాన మోతాదుకు మాత్రమే పెట్టిన రంగులు కావు. జరిగే నష్టం ఎంత, జరిగే అవకాశం ఎంత అన్న రెంటినీ కలిపి వేస్తారు. అందుకే పసుపు రంగు రెండు రకాలుగా రావచ్చు. తప్పకుండా వచ్చే చిన్న ఇబ్బందికి రావచ్చు, వచ్చే అవకాశం తక్కువైనా వస్తే పెద్దదైన దానికీ రావచ్చు.

సూచనకు దొరకనివి కొన్ని ఉన్నాయి. అవి కూడా చెప్పుకోవాలి. మోస్తరు, భారీ అన్న అంకెలు 24 గంటల మొత్తానికి. 60 మిల్లీమీటర్లు రాత్రంతా సన్నగా కురిసినా మోస్తరే, గంటలో దంచి కొట్టినా మోస్తరే. మొదటిది చెల్కలో ఇంకుతుంది. రెండోది నేల పైపొర గట్టిపడేలా కొట్టి, సగానికి పైగా వాగులోకి పోతుంది. పత్తి మొలకల మీద పడితే పైన పెచ్చు కట్టి మొలకను లేవనివ్వదు. ఏ రకంగా పడుతుందో రేడియో వాక్యం చెప్పదు. “ఉరుములతో కూడిన” అన్న మాట వింటే రెండో రకం అని ఊహించుకోవచ్చు.

ఒకరోజు ముందు చెప్పలేని ఊరు పేరు మూడు గంటల ముందు కొంతవరకు చెప్పగలరు. హైదరాబాద్‌లోని డాప్లర్ రాడార్ నల్గొండ, మహబూబ్‌నగర్ మీద లేచే మేఘాలను చూస్తుంది. మేఘం కట్టి కదలడం మొదలయ్యాక అది ఎటు పోతోందో లెక్కగట్టి, రాగల మూడు గంటలకు జిల్లాల పేర్లతో హెచ్చరిక ఇస్తారు. వడ్లు కప్పడానికి, పశువులను తోలుకురావడానికి, చెట్టు కింద నుంచి లేచి ఇంటికి చేరడానికి ఆ వ్యవధి చాలు. పిడుగుల కోసం దామిని అని ఒక యాప్ ఉంది. మనం ఉన్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది. మేఘదూత్ యాప్‌లో జిల్లా సూచన, పంట సలహా తెలుగులోనే ఉంటాయి. ఆ పంట సలహాలు మంగళ, శుక్రవారాల్లో కొత్తగా వస్తాయి. దక్షిణ తెలంగాణకు సంబంధించినవి పాలెం వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి తయారవుతాయి.

మండల కేంద్రంలోని వర్షమాపకం మన చేనుకు పది కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. ఉరుము మేఘం వెడల్పు అంతే గదా. కాబట్టి ఆ అంకెను మన చేను అంకెగా తీసుకోకూడదు. మన దగ్గరే ఒకటి పెట్టుకోవడం కష్టమేమీ కాదు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఏదైనా చాలు. మూతి ఎంత వెడల్పున్నా ఫరవాలేదు, పైనా కిందా ఒకే వెడల్పు ఉంటే చాలు. ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, అది కింద సన్నగా పైన వెడల్పుగా ఉంటుంది గనుక వానను ఎక్కువ చేసి చూపుతుంది. చెట్టుకు, ఇంటికి వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో, కదలకుండా నిలబెట్టాలి. లోపల నిలిచిన నీటి లోతును పిల్లల స్కేలుతో మిల్లీమీటర్లలో చూడాలి. ఉదయం ఎనిమిదిన్నరకు చూసి పారబోసి మళ్లీ పెట్టాలి. వాతావరణ శాఖ రోజు లెక్క కూడా ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర వరకే. 18వ తేదీ సాయంత్రం పడిన వాన వారి పట్టికలో 19వ తేదీ కింద కనిపిస్తుంది. పంట నష్టం రాయించుకునేటప్పుడు మీ తేదీ, వారి తేదీ కలవకపోతే ముందుగా ఇది చూసుకోండి.